దొంతరలో మిగిలే అతి చిన్న సంఖ్య

5283174 అనే ఏడంకెల సంఖ్యలోంచి మూడు అంకెలు కొట్టేయాలి. మిగిలిన నాలుగూ ఉన్న వరసలోనే ఉండాలి, ఒకదాని ముందుకు ఒకటి రాకూడదు. అలా మిగిలే నాలుగంకెల సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఏది? కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు బాగా పరిచయమైన లెక్క ఇది. సాధన కోసం చాలామంది వాడే లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో ఇది 402వ నంబరు లెక్క. అడిగిన తీరు మూడో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. జవాబు మాత్రం తొందరపడితే తప్పుతుంది.

చాలామందికి మొదట తట్టే ఉపాయం ఒకటే: చిన్న సంఖ్య కావాలి కాబట్టి పెద్ద అంకెలు తీసేస్తే సరి. 5283174లో పెద్దవి 8, 7, 5. వాటిని కొట్టేస్తే 2314 మిగులుతుంది. చూడటానికి బాగానే ఉంది కానీ, అదే సంఖ్యలోంచి 5, 8, 3 కొట్టేస్తే 2174 వస్తుంది. ఇది 2314 కంటే చిన్నది. అంటే 7 లాంటి పెద్ద అంకెను అలాగే ఉంచి, 3 లాంటి చిన్న అంకెను తీసేయడమే లాభమైంది. 

దీనికి కారణం స్థాన విలువ. మూడు కొట్టేశాక ఏ జవాబుకైనా నాలుగు అంకెలే ఉంటాయి. పొడవు సమానమైన రెండు సంఖ్యల్లో ఏది చిన్నదో తేల్చేది, ఎడమవైపు నుంచి చూస్తూ పోతే అవి మొదటిసారి తేడా పడే చోటు. 2314, 2174 రెండిటికీ వేల స్థానంలో 2 ఉంది. వందల స్థానంలో ఒకదానికి 3, ఇంకోదానికి 1 ఉన్నాయి. తీర్పు అక్కడే అయిపోయింది. ఆ తర్వాత పదుల స్థానంలో 7 ఉన్నా, 9 ఉన్నా ఆ తీర్పు మారదు. కాబట్టి అంకె ఎంత పెద్దది అన్న దానికంటే, అది ఏ స్థానాన్ని ఆక్రమించుకుని కూర్చుంది, దాన్ని లేపితే ఆ చోటికి ఎవరొస్తారు అన్నదే అసలు ప్రశ్న.

అన్ని రకాలుగా కొట్టి చూసి చిన్నదాన్ని ఏరుకోవచ్చు కదా అంటే, ఏడంకెల దాకా అది పర్వాలేదు. ఏడింటిలోంచి మూడు ఎంచుకునే విధాలు 35 మాత్రమే. ఇరవై అంకెల్లోంచి పది తీసేయాలంటే విధాలు 1,84,756 అవుతాయి. వంద అంకెల్లోంచి యాభై తీసేయాలంటే విధాల సంఖ్య ఒకటి పక్కన 29 సున్నాలను మించుతుంది. ఏ యంత్రమూ వాటన్నిటినీ చూడలేదు.

దారి దొరకాలంటే ముందు ఒక్క అంకెనే కొట్టేయడం గురించి ఆలోచించాలి. సంఖ్యను ఎడమ నుంచి చదువుతూ పోతే అంకెలు కొంతదూరం పెరుగుతాయి, లేదా సమానంగా ఉంటాయి. ఎక్కడో ఒకచోట ఒక అంకె పక్కన అంతకంటే చిన్న అంకె వస్తుంది. దాన్ని దిగుడు అనుకుందాం. 2469537లో 2, 4, 6, 9 ఎక్కుతూ పోయి, 9 తర్వాత 5 దగ్గర మొదటి దిగుడు వస్తుంది. కొట్టాల్సింది ఆ దిగుడుకు అంచున నిలబడ్డ 9ని. కొడితే నాలుగో స్థానంలోకి 5 వచ్చి 246537 అవుతుంది. 9కి కుడివైపున ఉన్న దేన్ని కొట్టినా 9 తన చోట అలాగే ఉండిపోతుంది, అంటే నాలుగో స్థానంలో 5కి బదులు 9 ఉంటుంది. ఎడమవైపున ఉన్న దేన్నైనా, ఉదాహరణకు 4ని కొడితే, దాని చోటికి వచ్చేది 6. అక్కడిదాకా అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి కాబట్టి ఖాళీ అయిన చోటికి పెద్దదో సమానమైనదో వస్తుందే తప్ప చిన్నది రాదు. రెండువైపులా నష్టమే. ఒక్క అంకెకు సంబంధించినంతవరకు మొదటి దిగుడు అంచున ఉన్న అంకెకు పోటీ లేదు.

మూడు అంకెలు కొట్టాలంటే ఇదే పని మూడుసార్లు చేయవచ్చు. 5283174లో మొదటి దిగుడు 5, 2 మధ్య ఉంది. 5 పోతే 283174. ఇప్పుడు మొదటి దిగుడు 8, 3 మధ్య. 8 పోతే 23174. తర్వాతి దిగుడు 3, 1 మధ్య. 3 పోతే 2174. జవాబు సరైనదే. చిక్కు ఎక్కడంటే, ప్రతిసారీ మొదటినుంచి చదువుకుంటూ రావడంలో. సంఖ్యలో మొదటి యాభై వేల అంకెలూ 2లు, తర్వాతి యాభై వేలూ 1లు ఉన్నాయనుకుందాం. యాభై వేల అంకెలు కొట్టాలి. దిగుడు 2లు అయిపోయిన చోట ఉంది. అక్కడికి చేరడానికి మొదటిసారి యాభై వేల అంకెలు దాటాలి, ఒక 2 కొట్టాక మళ్లీ మొదటికి వెళ్లి 49,999 దాటాలి, ఆ తర్వాత 49,998. అన్నీ కలిపితే 125 కోట్ల అడుగులు పైనే. లక్ష అంకెలున్న సంఖ్యకు ఇది దుబారా. ఎందుకంటే చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతున్నాం, అందులో కొత్తగా తెలిసేదేమీ లేదు.

మళ్లీ మొదటికి వెళ్లనవసరం లేదని గమనించడంలోనే ఈ పద్ధతి కీలకం ఉంది. 9ని కొట్టేశాక వెనక మిగిలిన 2, 4, 6 ఇంతకుముందే ఎక్కుతూ ఉన్నాయి. వాటి మధ్య కొత్త దిగుడు పుట్టదు. పుడితే గిడితే ఒక్కచోటే పుట్టాలి: చివర ఉన్న 6కీ, కొత్తగా దాని పక్కకు చేరిన 5కీ మధ్య. నిజంగానే 6 కంటే 5 చిన్నది. ఇంకో కొట్టివేత మిగిలి ఉంటే 6 కూడా పోతుంది. అప్పుడు 4కీ 5కీ పోలిక. 4 చిన్నది కాబట్టి అక్కడ ఆగిపోతుంది. అంటే వెనక దాచుకున్న అంకెల్లో మనకు ఎప్పుడూ చివరిదానితోనే పని. చివర పెట్టినదాన్నే ముందు తీసే ఏర్పాటు ఉంటే చాలు.

ఆ ఏర్పాటు పేరే స్టాక్. వంటింట్లో కంచాల దొంతర లాంటిది: కొత్త కంచం పైనే పెడతారు, తీసేటప్పుడూ పైదే తీస్తారు, అడుగున ఉన్నదాన్ని లాగరు. ఈ ఊహకు 1957లో పేటెంట్ కోసం దరఖాస్తు చేసిన జర్మన్ శాస్త్రవేత్తలు ఫ్రీడ్రిష్ బావర్, క్లాస్ సామెల్సన్ దాన్ని కెల్లర్ అన్నారు. జర్మన్‌లో ఆ మాటకు నేలమాళిగ అని అర్థం. ఈ లెక్కలో దొంతరకు ఇంకో నియమం కూడా తోడవుతుంది. అడుగు నుంచి పైకి వెళ్లేకొద్దీ అంకెలు పెరగాలి, లేదా సమానంగా ఉండాలి, తగ్గకూడదు. ఇలా లోపలివన్నీ ఒకే దిశలో నడిచే దొంతరను మోనోటోనిక్ స్టాక్ అంటారు. నియమం చెడేలా చిన్న అంకె వస్తే దాన్ని ఆపరు. దానికి అడ్డున్న పెద్ద అంకెలను పైనుంచి ఒక్కొక్కటిగా తీసేసి, తర్వాత దాన్ని పెడతారు. తీసేసిన ప్రతి అంకె ఒక కొట్టివేత కింద లెక్క.

ఇప్పుడు 5283174ను దొంతరతో చేసి చూడవచ్చు. కొట్టివేతల కోటా మూడు. దొంతర ఖాళీ, 5 వచ్చి కూర్చుంటుంది. తర్వాత 2 వస్తుంది. పైన ఉన్న 5 దానికంటే పెద్దది, కాబట్టి 5 బయటికి పోతుంది, కోటా రెండుకు దిగుతుంది, 2 కూర్చుంటుంది. తర్వాతి 8 పెద్దది, గొడవ లేదు, 2 మీద కూర్చుంటుంది. 3 రాగానే 8 పోతుంది, కోటా ఒకటి. కింద 2 ఉంది, అది 3 కంటే చిన్నది, దాని జోలికి వెళ్లరు. దొంతరలో 2, 3 ఉన్నాయి. ఇప్పుడు 1 వస్తుంది. 3 పోతుంది, కోటా సున్నా. కింద ఉన్న 2 కూడా 1 కంటే పెద్దదే, దాన్నీ తీసేస్తే బాగుండును. కానీ కోటా అయిపోయింది. 1 వెళ్లి 2 మీదే కూర్చుంటుంది. ఇక మిగిలిన 7, 4 ఏ పరీక్షా లేకుండా వచ్చి చేరతాయి. అడుగు నుంచి చదివితే 2174.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చివరికి మిగిలిన దొంతరలో 2 మీద 1, 7 మీద 4 ఉన్నాయి. పెరుగుతూ పోవాలన్న నియమం చెడింది. ఆ నియమం కోటా ఉన్నంతవరకే. కోటా అయిపోయాక అది మామూలు దొంతర, వచ్చినవాటిని వచ్చినట్టు పెట్టుకుంటుంది. ఇది తెలియకపోతే, జవాబులో అంకెలు ఎక్కుతూ కనబడకపోతే ఎక్కడో తప్పు జరిగిందని నేర్చుకునేవాళ్లు కంగారుపడతారు.

చిన్న అంకె కనబడగానే పైదాన్ని తీసేయడం తొందరపాటు కాదా, ఆ కొట్టివేతను దాచుకుని ముందుముందు ఇంకా మంచిచోట వాడుకుంటే ఎక్కువ లాభం రాదా అన్నది న్యాయమైన సందేహం. దొంతరలో 2, 8 ఉండి 3 వచ్చిన క్షణాన్నే తీసుకుందాం. ఎవరో 8ని ఉంచేసి వేరే విధంగా జవాబు తయారుచేశారనుకుందాం. వాళ్లు 3ని కొట్టేసి ఉంటే, దానికి బదులు 8ని కొట్టి 3ని ఉంచవచ్చు. ఖర్చు అదే, మిగతా అంకెలన్నీ అవే, రెండో స్థానంలో 8కి బదులు 3 ఉంటుంది. వాళ్లు 3ని కూడా ఉంచి ఉంటే, ఆ మిగిలిన కొట్టివేతను ఇంకా కుడివైపున ఎక్కడో వాడి ఉండాలి, ఎందుకంటే కోటా మొత్తం వాడటం తప్పనిసరి. అక్కడి అంకెను తిరిగి ఉంచేసి, ఆ కొట్టివేతతో 8ని తీసేస్తే రెండో స్థానంలోకి మళ్లీ 3 వస్తుంది. కుడివైపున ఎంత పెద్ద అంకె తిరిగి వచ్చినా రెండో స్థానంలో దొరికిన లాభాన్ని అది తినేయలేదు. 8ని ఉంచి 2ని తీసేసినవాళ్ల సంగతి ఇంకా తేలిక, వాళ్ల జవాబు మొదటి అంకె దగ్గరే ఓడిపోతుంది. కాబట్టి దాచుకోవడంలో ఏ లాభమూ లేదు.

2174 సరైనదేనని దొంతరతో సంబంధం లేకుండా కూడా తేల్చుకోవచ్చు. చేతితో చేసిన లెక్కను సరిచూసుకోవడానికి ఇది చక్కని దారి. మూడే కొట్టగలం కాబట్టి జవాబులోని మొదటి అంకె, ఇచ్చిన సంఖ్యలోని మొదటి నాలుగు అంకెల్లోంచే రావాలి. 5, 2, 8, 3లో చిన్నది 2. దానికోసం 5ను కొట్టాం, ఇంకా రెండు కొట్టవచ్చు. రెండో అంకె తర్వాతి మూడింటిలోంచి, అంటే 8, 3, 1లోంచి రావాలి. చిన్నది 1. అక్కడితో కోటా అయిపోయింది, మిగిలిన 7, 4 యథాతథం. మళ్లీ 2174. చిన్న అంకె రెండుచోట్ల ఉంటే ఎడమవైపుదాన్నే తీసుకోవాలి, అప్పుడే కోటా తక్కువ ఖర్చవుతుంది.

మొత్తం పద్ధతి పైథాన్‌లో ఇంతే:

```python
def remove_k_digits(num, k):
    stack = []
    for d in num:
        while k > 0 and stack and stack[-1] > d:
            stack.pop()
            k -= 1
        stack.append(d)
    if k > 0:
        stack = stack[:-k]
    return "".join(stack).lstrip("0") or "0"
```

`while` వరుస ఈ లెక్కకు గుండెకాయ. అందులో మూడు షరతులు ఉన్నాయి: కోటా మిగిలి ఉండాలి, దొంతర ఖాళీగా ఉండకూడదు, పైన ఉన్న అంకె కొత్త అంకె కంటే పెద్దది కావాలి. అంకెలు అక్షరాల రూపంలోనే ఉన్నా పోలిక సరిగ్గానే పనిచేస్తుంది. కంప్యూటర్‌లో '0' నుంచి '9' దాకా అక్షరాలకు 48 నుంచి 57 దాకా వరుసగా సంకేతాలు ఉంటాయి కాబట్టి వాటి పెద్దాచిన్నా క్రమం అంకెల క్రమమే.

ఒక వరుసలో ఇంకో వరుస ఉంది కాబట్టి పని విపరీతంగా పెరుగుతుందేమో అన్న అనుమానం ఇక్కడ సహజం. ఇందాకటి లక్ష అంకెల సంఖ్యనే చూడాలి. యాభై వేల 2లు దొంతరలో కూర్చుంటాయి. మొదటి 1 రాగానే ఆ ఒక్క అంకె కోసమే యాభై వేల 2లూ బయటికి పోతాయి. ఆ క్షణంలో పని భారీగా కనబడుతుంది. కానీ ఆ తర్వాత వచ్చే 49,999 ఒకట్లకు తీయాల్సినది ఒక్కటీ లేదు. ఏ అంకె అయినా దొంతరలోకి ఒక్కసారే వెళ్తుంది, బయటికి వస్తే ఒక్కసారే వస్తుంది. లక్ష పెట్టడాలు, యాభై వేల తీయడాలు, మొత్తం లక్షా యాభై వేలు. 125 కోట్ల పని అంతలో అయిపోయింది.

తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలామటుకు ఒక్క అక్షరం తేడాతో వచ్చేవే. `while` బదులు `if` రాస్తే కొత్త అంకె ఒక్క పెద్ద అంకెనే తీసి ఊరుకుంటుంది. 4526లోంచి రెండు కొట్టాలంటే 2 వచ్చినప్పుడు 5, 4 రెండూ పోయి 26 రావాలి. `if` రాసిన ప్రోగ్రాం 5ను మాత్రమే తీసి, చివరికి 42 ఇస్తుంది. అలాగే `>` బదులు `>=` రాస్తే సమానమైన అంకెలు కూడా ఒకదాన్నొకటి తోసేస్తాయి. 112లోంచి ఒకటి కొట్టాలంటే జవాబు 11. `>=` రాస్తే రెండో 1 మొదటి 1ని తీసేసి ఉన్న ఒక్క కోటానూ ఏ లాభమూ లేకుండా కాజేస్తుంది. చివరికి 12 మిగులుతుంది. 

దిగుడే లేని సంఖ్య వస్తే దొంతర ఎవరినీ తీయదు. 12358లోంచి రెండు కొట్టాలంటే ఐదు అంకెలూ హాయిగా కూర్చుని ఉంటాయి, కోటా రెండూ అలాగే ఉంటుంది. అప్పుడు పైనుంచి, అంటే సంఖ్య చివరినుంచి రెండు తీసేయాలి: 123. అంకెలు ఎక్కుతూ ఉన్నప్పుడు పెద్దవి చివరనే ఉంటాయి కనుక అదే సరైన కోత. ప్రోగ్రాంలో `if k > 0` అని అడగడం వెనక పైథాన్‌కు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. కోటా సున్నా అయినప్పుడు `stack[:-0]` అని రాస్తే ఏమీ కోయకుండా వదిలేయడం అటుంచి, మొత్తం ఖాళీ జాబితా ఇస్తుంది. ఆ పరీక్ష మరిచిపోతే 5283174కు జవాబు 0 అని వస్తుంది. సరైన జవాబు రావాల్సినచోట 0 కనబడితే ముందు ఈ వరుసనే చూడాలి.

సున్నాలు కూడా శ్రద్ధ అడుగుతాయి. 50307లోంచి ఒక్కటి కొట్టమంటే, 0 రాగానే 5 పోయి 0307 మిగులుతుంది. ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి జవాబు 307. ఒక్క కొట్టివేతతో రెండు స్థానాలు తగ్గాయి. ముందున్న సున్నాలను దొంతరలో పెట్టకుండా వచ్చినప్పుడే వదిలేద్దామని కొందరు అనుకుంటారు. చేయవచ్చు, కానీ చివరి కోత జాగ్రత్తగా వేయాలి. 10023లోంచి రెండు కొట్టాలనుకుందాం. మొదటి 0 రాగానే 1 పోతుంది, కోటా ఒకటి మిగులుతుంది. సున్నాలు రెండూ వదిలేస్తే దొంతరలో 2, 3 ఉంటాయి. జవాబుకు మూడు అంకెలు ఉండాలి కదా, రెండే ఉన్నాయి, కోయాల్సింది లేదు అనుకుంటే 23 వస్తుంది. అది తప్పు. కోటా ఒకటి ఇంకా ఉంది కాబట్టి 3 కూడా పోవాలి, సరైన జవాబు 2. కోత వేయాల్సింది మిగిలిన కోటాను బట్టి, జవాబు పొడవును బట్టి కాదు. సున్నాలన్నిటినీ మామూలు అంకెల్లాగే దొంతరలో పెట్టి, అంతా అయ్యాక ముందున్నవి దులిపేయడమే నిశ్చింత అయిన పద్ధతి. దులిపేశాక ఏమీ మిగలకపోతే, 10లోంచి రెండూ కొట్టినప్పటిలాగా, జవాబు ఖాళీ కాదు, 0.

ఆ దులపడానికి `lstrip` బదులు `int` వాడి, అక్షరాలను నిజమైన సంఖ్యగా మార్చేస్తే ముందున్న సున్నాలు వాటంతటవే పోతాయి. చిన్న పరీక్షల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ పైథాన్ 3.11 మామూలు అమరికలో 4,300 అంకెలు దాటిన వరసను `int`తో మార్చబోతే `ValueError` ఇచ్చి ఆగిపోతుంది. సీ, జావా వంటి భాషల్లో 64 బిట్ల పూర్ణాంకం పట్టగల అతి పెద్ద విలువకు ఉండేవి 19 అంకెలే. లెక్కలో సంఖ్యను అక్షరాల వరసగా ఇవ్వడానికి కారణం ఇదే. మొదటినుంచి చివరిదాకా దాన్ని వరసగానే చూడాలి.

అతి చిన్నది కాకుండా అతి పెద్దది కావాలంటే పోలిక గుర్తును తిప్పితే చాలు. దొంతర అప్పుడు అడుగు నుంచి పైకి తగ్గుతూ ఉంటుంది. 5283174లో 8 వచ్చి 2, 5 రెండిటినీ తోసేస్తుంది, 3, 1 కూర్చుంటాయి, 7 వచ్చి 1ని తీస్తుంది, కోటా అయిపోతుంది. 3ని తీయలేక 7 దాని మీదే కూర్చుంటుంది, చివరికి 8374. రుణ సంఖ్యల్లో అతి చిన్నది కావాలన్నా వాడాల్సింది ఈ తిప్పిన దొంతరనే, ఎందుకంటే గుర్తు పక్కన అంకెలు ఎంత పెద్దవైతే విలువ అంత చిన్నది.

అయితే ప్రతి అంకెను కొట్టడానికి ఒకే ఖర్చు ఉన్నంతవరకే దొంతర చెల్లుతుంది. 8ని కొట్టడానికి ఐదు రూపాయలు, 3ని కొట్టడానికి ఒక్క రూపాయి అన్నట్టు వేర్వేరు ధరలు పెట్టి, మొత్తం ఖర్చుకు హద్దు గీస్తే పైన చేసిన వాదన కూలిపోతుంది. అక్కడి కొట్టివేతను రద్దు చేసి ఇక్కడ వాడదాం అని ఆ వాదనలో అన్నాం. ధరలు వేరైతే ఆ బదిలీ కుదరదు. ఒక రూపాయి వెనక్కి తెచ్చుకుని ఐదు రూపాయల అంకెను కొట్టలేం. అలాంటి లెక్కకు, ఎన్ని అంకెలు చదివాం, ఎన్ని ఉంచాం, ఎంత ఖర్చయింది అన్నది పట్టికలో రాసుకుంటూ పోయే డైనమిక్ ప్రోగ్రామింగ్ కావాలి.